‘మూడు నెలల్లో తమిళం నేర్చేసినా’ అని చెప్పుకుని తిరిగిన నేను

తిరుపతిలో రైల్వేస్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో చేరిన కొత్తలో నాకు తమిళం రాదు. మూడు నెలలు తిరిగేసరికి వచ్చేసింది. కనీసం నేనట్లా అనుకున్నా. ఎవురన్నా అడిగితే, ‘తమిళమా, మూణ్ణెల్ల పనిబ్బా’ అని కాలరెగరేసేవాడిని.

ఆ మాటే మా చిన్నాయన కూతురు పట్టుకుంది. తను నర్సు. జర్మనీకి పోవాలని జర్మన్ క్లాసులో చేరింది. ‘నీకు మూడు నెలల్లో తమిళం వచ్చినప్పుడు నాకు ఆరు నెలల్లో జర్మన్ రాదా అన్నా?’ అని అడిగింది. ఏజెన్సీవాళ్ళు కూడా ఆరు నెలలే అన్నారంట. ఫీజు కోసం చిన్నమ్మ రెండు సవర్ల గొలుసు కుదువ పెట్టింది.

‘వస్తుంది, ఎందుకు రాదు’ అన్నాను నేను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. ఎందుకో చెప్పాలంటే ముందు నా మూడు నెలల సంగతి విప్పాలి.

మాది చిత్తూరు పక్కన పల్లె. 1960 దాకా తిరుత్తణి తాలూకా మా జిల్లాలోనే ఉండేది. సరిహద్దులు మార్చినప్పుడు అది మద్రాసు రాష్ట్రానికి పోయింది. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. మా అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్కనే. ఆమె తన చెల్లెలితో ఫోన్లో మాట్లాడేది తమిళంలోనే. చిన్నప్పుడు మా ఇంట్లో టీవీలో సగం తమిళ చానళ్ళు. వేలూరు బస్సెక్కితే కండక్టరు మాట తమిళం. అంటే లాడ్జిలో చేరిన రోజు నాకు తమిళం ‘రాదు’ అని నేను అనుకున్నది తప్పు. మాట్లాడడం రాదు, అంతే. చెవికి మాత్రం ఇరవై ఏళ్ళ పాతది.

ఈ సంగతి నాకు తెలిసింది మా లాడ్జిలో నాతో పాటు చేరిన శ్రీకాకుళం పిల్లోడి వల్ల. ఇద్దరిదీ ఒకటే డ్యూటీ, ఒకటే కౌంటరు, అవే మాటలు. ‘రూం ఇరుక్కా?’, ‘సుడుతణ్ణి వరుమా?’, ‘ఎప్పో కాలి పణ్ణణుం?’ రూము ఉందా, వేడినీళ్ళు వస్తాయా, ఎప్పుడు ఖాళీ చెయ్యాలి. పెరటాసి నెలలో శనివారమొస్తే తమిళనాడు నుంచి జనం విరగబడి వస్తారు కాబట్టి రోజుకు వందసార్లు ఇవే. మూడు నెలలకి నేను సమాధానాలు దంచుతుంటే, వాడు ఇంకా ‘ఎత్తన పేరు?’ దగ్గరే ఆగిపోయేవాడు. ‘ఎంతమంది?’ అని ఆ మాటకర్థం. తమిళంలో పేరు అంటే పేరూ అవుతుంది, మనుషుల లెక్కా అవుతుంది. వాడేమో ఎవురైనా ‘నాలు పేరు’ అంటే, నాలుగు పేర్లు చెప్తారేమో రాసుకుందామని పెన్ను పట్టుకుని నిలబడేవాడు. వాడికి నా దశ రావడానికి పది పదకొండు నెలలు పట్టింది. వాడికి తెలివి తక్కువని మా మేనేజరు తీర్పు. నాకు తెలిసి వాడు డిగ్రీలో నాకంటే బాగా చదివినోడు. వాడు సున్నా నుంచి మొదలుపెట్టాడు. నేను ఎక్కడో సగం దూరంలో బస్సెక్కి, మొదటి స్టాపు నుంచి వచ్చినట్టు లెక్క చెప్పుకున్నా.

అలాగని వాడు కూడా నిజంగా సున్నా కాదు. తెలుగువాడికి తమిళంలో సగం ఉచితంగా వస్తుంది. ‘నాకు తెలుగు తెలుసు’ అన్న మాట చూడండి. తమిళంలో ‘ఎనక్కు తెలుంగు తెరియుం’. మూడు మాటలూ అదే వరసలో ఉన్నాయి. నాకు, ఎనక్కు రెండూ ‘కు’తోనే నడుస్తాయి. మనం, మేము అని మనకు రెండు ఉన్నట్టే వాళ్ళకూ ‘నామ’, ‘నాంగ’ అని రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకుని ఒకటి, వదిలేసి ఒకటి. ఇది మనకు ఎవురూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడికి ఈ ఒక్క తేడా నోట్లో కుదరడానికి వారాలు పట్టొచ్చు. వాడికి రెండూ ‘వి’నే.

అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు భాషలు నేర్పే సంస్థ ఒకటుంది, ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని. ఏ భాషకి ఎంత కాలమో వాళ్ళు దశాబ్దాలుగా లెక్క కడుతున్నారు. ఫోన్లో ‘ఏ భాష ఎన్ని రోజుల్లో’ అని వెతికితే వచ్చే పట్టికలు ఎక్కువ భాగం అక్కడి నుంచి తిరిగి తిరిగి వచ్చినవే. అందులో స్పానిష్‌కి ఉజ్జాయింపుగా ముప్పై వారాలు, జర్మన్‌కి 36, తమిళానికి 44, జపనీస్, అరబిక్ లాంటివాటికి 88. మన తెలుగు కూడా 44 వారాల గుంపులోనే, తమిళం పక్కనే ఉంది. 44 వారాలంటే క్లాసులో సుమారు 1100 గంటలు. ఇంటికెళ్ళి చదువుకునేది దానికి అదనం.

ఈ పట్టిక చూసి చాలామంది తమిళం కష్టం, స్పానిష్ సులువు అని తేల్చేస్తారు. పట్టిక చెప్పేది అది కాదు. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాడికి ఆ భాష ఎంత దూరమో చెప్తుంది, అంతే. అదే పట్టిక చిత్తూరులో కూర్చుని రాస్తే తమిళం, కన్నడం మొదటి వరసలో ఉంటాయి, స్పానిష్ ఎక్కడో కింద ఉంటుంది. పైగా అక్కడ నేర్చుకునేవాళ్ళు జీతం తీసుకుంటూ, వేరే పనేమీ లేకుండా, కొద్దిమంది ఉండే క్లాసుల్లో రోజంతా అదే చేసేవాళ్ళు. మనం ఆ వారాల లెక్కను మాత్రం తెచ్చుకుని, ఆ రోజంతా అన్నదాన్ని అక్కడే వదిలేస్తాం.

సరే, నా మూడు నెలలకి గంటల లెక్క కడదాం. డ్యూటీ పది గంటలు. అందులో నిజంగా తమిళం నా చెవిలో, నోట్లో ఆడింది రెండు గంటలు అనుకుందాం. మిగిలింది రిజిస్టరు, ఫోన్లు, తెలుగు గిరాకీ, ఖాళీగా కూర్చోవడం. వారానికి ఆరు రోజులు, 13 వారాలు. రెండు ఇంటూ ఆరు ఇంటూ పదమూడు, 156 గంటలు. అమెరికా వాడికి 1100, నాకు 156. అంటే నేను వాడికంటే ఏడింతలు మొనగాణ్ణా? చిన్నప్పటి చెవి, తెలుగు నుంచి ఉచితంగా వచ్చిన సగం, ఈ రెండూ కలిపినా ఆ తేడా పూర్తిగా తీరదు. ఇంకోటి ఉంది. అది నాకు వేలూరులో తెలిసింది, అదీ మా నాయన ఒళ్ళు మీద.

నాయనకు గుండె బలహీనం. కాళ్ళకు నీరు పట్టేది. చిత్తూరు నుంచి వేలూరు దగ్గర కాబట్టి మా పక్క జనం పెద్ద జబ్బంటే అక్కడికే పోతారు. ఆ ఊళ్ళో ఏ ఆస్పత్రికి పోయినా తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవురో ఒకరు దొరుకుతారు. డిశ్చార్జి రోజు అక్కడి ఆమె ‘తెలుంగా, తమిళా?’ అని అడిగింది కూడా. నేను ఠీవిగా ‘తమిళే సొల్లుంగ’ అన్నా. మూడు నెలల మొనగాణ్ణి కదా!

ఆమె మాత్రలు చెప్పింది, అర్థమైంది. ఉప్పు తగ్గించాలంది, అర్థమైంది. తర్వాత ‘తణ్ణి అళవా కుడిక్కణుం’ అంది. తణ్ణి అంటే నీళ్ళు. కుడిక్కణుం అంటే తాగాలి. మధ్యలో ‘అళవా’ అన్నది నాకు తెలియదు. తెలియదని కూడా నాకు తెలియలేదు, చిక్కంతా అక్కడే ఉంది. నా చెవి దాన్ని దగ్గర్లో ఉన్న తెలుగు మాటతో పూడ్చేసింది, అలవాటు అని. నీళ్ళు తాగడం అలవాటు చేసుకోవాలి. ఎంత చక్కగా కుదిరిందో చూడండి! తల ఊపినా. ఆమె ఒక కాగితం ఇచ్చింది. అది తమిళంలో అచ్చేసి ఉంది. నాకు తమిళం చదవడం రాదు. మడిచి జేబులో పెట్టుకున్నా.

ఇంటికొచ్చి నాయన్ను నీళ్ళు తాగమని సతాయించినా. ‘దప్పిక లేదు రా’ అంటే వినలేదు. నాలుగైదు రోజులకి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు, రాత్రి పడుకుంటే ఆయాసం. మళ్ళీ వేలూరుకి పరుగు. ఈసారి తెలుగామె వచ్చి ఆ కాగితం తీసుకుని చదివింది. ‘అళవా అంటే కొలతగా, మితంగా అని. రోజుకు ఒకటిన్నర లీటరు దాటొద్దని ఇక్కడ రాసుండాది కదన్నా’ అంది. నేను నేల చూపులు చూసినా. నాయన తేరుకున్నాడు, అదొక్కటే నా అదృష్టం.

తెలియని భాషలో తెలియని మాట వస్తే మనిషి ఆగుతాడు, అడుగుతాడు. దగ్గరి భాషలో ఆగడు. మాట తెలిసినట్టే ఉంటుంది. తమిళంలో వీడు అంటే ఇల్లు, మనకు ఎదురుగా ఉన్న మగమనిషి. సొల్లు అంటే వాళ్ళకు చెప్పు అని, మనకు నోట్లోంచి కారేది. ఇలాంటివి నవ్వు తెప్పించేవి కాబట్టి త్వరగా గుర్తుండిపోతాయి. ‘అళవా’ లాంటివి నవ్వు తెప్పించవు, అర్థం కుదిరిపోయి జారిపోతాయి. అందుకే దగ్గరి భాష మొదట్లో పరుగెడుతుంది, ఒక దశ దాటాక తప్పులు కనపడకుండా నిలబడిపోతుంది. నాకు ఇంకొకటి ఏడాది దాకా పోలేదు. తెలుగులో ‘మీ అమ్మ వచ్చింది’ అంటాం. ఆడమనిషికీ బస్సుకీ ఒకటే ‘వచ్చింది’. అదే పద్ధతిలో ఒక చెన్నై గిరాకీతో ‘ఉంగ అమ్మా వందుచ్చు’ అన్నా. ఆయన ముఖం మారిపోయింది. వాళ్ళకు వందుచ్చు అన్నది వస్తువుకీ, జంతువుకీ. అమ్మకైతే ‘వందాంగ’ అనాలి. నేను ఆయన తల్లిని లగేజీతో కలిపేసినా. అంతకు ముందు ఎంతమంది దగ్గర అదే అన్నానో, వాళ్ళు ఏమనుకుని ఊరుకున్నారో, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఆ 1100 గంటల్లో దాగిన రెండో సంగతి. ఆ సంస్థ లెక్క ఎక్కడిదాకా అంటే, సున్నా నుంచి అయిదు దాకా ఉండే కొలబద్ద మీద మూడో మెట్టు దాకా. ఉద్యోగంలో ఏ విషయం వచ్చినా మాట్లాడగలగాలి, చదవగలగాలి. నా మూడు నెలలు ఎక్కడిదాకా? లాడ్జి కౌంటరు దాకా. అక్కడ తిరిగే మాటలు మహా అయితే మూడు వందలు. ప్రశ్నలు ముందే తెలుసు. నాకు రాని మాట వస్తే గిరాకీ చేత్తో చూపిస్తాడు. కౌంటరు దగ్గర నాకు పని జరిగేంత భాష నిజంగానే వచ్చింది, అది అబద్ధం కాదు. ఆస్పత్రిలో రాలేదు. ‘పనికొచ్చే భాష’ అన్నప్పుడు ఏ పనికి అని నన్ను ఎవురూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

తర్వాత చదవడం నేర్చుకున్నా. అక్షరాలు తెలుగుకంటే తక్కువే. అచ్చులు 12, హల్లులు 18. క, గ రెండింటికీ ఒకటే అక్షరం, త, ద లకూ అంతే. మాట తెలిస్తేనే ఏది పలకాలో తెలుస్తుంది. తిరుపతి బస్టాండులో తమిళనాడు బస్సుల బోర్డులు చూసి చదువుకున్నా. వేలూరు, కాంచీపురం, చెన్నై అని ఊరి పేరు ముందే తెలుసు కాబట్టి అక్షరం పట్టుబడుతుంది. రోజూ అరగంట, మూడు వారాలకు బోర్డులు వచ్చేశాయి. అంటే పది గంటలు. హుషారుగా పేపరు తెరిచినా. ఒక్క ముక్క ఎక్కలేదు. నోటితో ‘ఇరుక్కు’ అనేది పేపర్లో ‘ఇరుక్కిఱదు’. ‘వరాంగ’ అనేది ‘వరుగిఱార్గళ్’. మాట్లాడే తమిళం, రాసే తమిళం దాదాపు రెండు వేరు భాషల్లాగా ఉంటాయి. మనకూ ఒకప్పుడు గ్రాంథికం అట్లాగే ఉండేది, గిడుగు వారి పుణ్యమా అని చాలా మటుకు తప్పింది. మాట్లాడడానికి 156 గంటలు చాలినవాడికి పేపరు చదవడానికి ఇంకో రెండేళ్ళు పట్టినా ఆశ్చర్యం లేదు. నాకైతే ఇంకా సినిమా పేజీ దాటలేదు.

ఇంక చెల్లెలి దగ్గరికొద్దాం. ఏజెన్సీ వాళ్ళ పోస్టరు మీద ఒక నర్సు ఫొటో ఉండేది, ‘ఆరు నెలల్లో బీ2’ అని. జర్మన్‌కి ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లున్నాయి. అక్కడ నర్సుగా పూర్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 అడుగుతారు. చెల్లెలు ఆస్పత్రి డ్యూటీ చేసుకుంటా సాయంత్రం క్లాసుకి పోయేది. రోజుకు గంటన్నర, వారానికి అయిదు రోజులు. ఆరు నెలలు అయ్యేసరికి తను ఇంకా ఏ2లో ఉంది. చిన్నమ్మ గొలుసుకు నెలనెలా వడ్డీ కడతా ఉంది. ‘నాకు బుర్ర లేదేమో అన్నా’ అని ఒకరోజు ఫోన్లో ఏడ్చింది. అప్పటికి నా వేలూరు ముచ్చట అయిపోయింది, కాబట్టి ఈసారి ‘వస్తుందిలే’ అని ఊరుకోకుండా కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాం.

జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ నెలల్లో చెప్పదు. 45 నిమిషాల పాఠాన్ని ఒక యూనిట్ అంటుంది. బీ1 చేరడానికి 350 నుంచి 650 యూనిట్లు, బీ2కి 600 నుంచి 800. ఆ అంకెల మధ్య అంత ఎడం ఎందుకుందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ముందు ఏ భాషలు వచ్చు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు చెల్లెలి లెక్క. గంటన్నర అంటే రెండు యూనిట్లు. వారానికి పది. ఆరు నెలలంటే 26 వారాలు, 260 యూనిట్లు. నైట్ డ్యూటీ పడిన వారాలు క్లాసు పోయేది, అవి తీసేస్తే 200. బీ2కి కనీసం 600 కావాల్సిన చోట 200తో నిలబడింది. బుర్ర సంగతి కాదిది, కూడిక తీసివేత.

మరి పోస్టరు మీద ఉన్న పిల్ల? చెల్లెలు కనుక్కుంది. ఆ పిల్ల ఉద్యోగం మానేసి బెంగుళూరులో హాస్టల్లో ఉండి రోజంతా క్లాసులో కూర్చుంది. వారానికి 25 యూనిట్లు. 26 వారాలకి 650. అదీగాక కాలేజీలో ఉన్నప్పుడే ఏ2 పూర్తి చేసి పెట్టుకుంది, పోస్టరు మీది ఆరు నెలలు ఆ తర్వాత మొదలైనవి. పోస్టరు అబద్ధం చెప్పలేదు, మొదలెక్కడో చెప్పలేదు. నేను చిన్నప్పటి తమిళ టీవీని దాచిపెట్టి మూడు నెలలన్నట్టే. పోస్టరు మీదికి ఎక్కేది ముందుగా గీత దాటినవాళ్ళ ముఖాలే, ఆరు నెలలకి ఏ2లో ఉన్నవాళ్ళ ఫొటో ఎవురు వేస్తారు?

ఈ నెలల లెక్క కొత్తది కాదు. మన సీమవాళ్ళకు బాగా తెలిసిన సీపీ బ్రౌన్ 1817లో మద్రాసులో దిగాడు. అక్కడ కుంపిణీ కుర్ర అధికార్లకు దేశభాషలు నేర్పే కాలేజీలో తెలుగు చదివి, పరీక్ష గట్టెక్కి, 1820లో కడపకు ఉద్యోగానికొచ్చాడు. ‘మూడేళ్ళు’ అని మనం చెప్పుకుంటాం. తెలుగొక్కటే చదివిన మూడేళ్ళా, రోజుకెన్ని గంటలు, ఆ పరీక్షలో ఏమడిగారు అన్నది ఆ మూడేళ్ళ అంకెలో లేదు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. ఏది అడుగుతున్నాం అన్నదాన్ని బట్టి బ్రౌన్‌కి తెలుగు రావడానికి మూడేళ్ళూ పట్టింది, ముప్పై అయిదేళ్ళూ పట్టింది.

చెల్లెలికి తెలుగు అడ్డం పడిందని నేను అనుకున్నా. తను మాత్రం కొన్నిచోట్ల కలిసొచ్చిందంటుంది. జర్మన్‌లో ‘నేను రావడం లేదు, ఎందుకంటే ఒళ్ళు బాగలేదు’ అనడానికి ‘వైల్ ఇష్ క్రాంక్ బిన్’ అంటారంట. క్రియ చివర్లో పడుతుంది. ఇంగ్లీషులో ఆలోచించి కట్టేవాళ్ళు ఇక్కడ తడబడతారు, క్రియను మధ్యలో పెట్టేస్తారు. ‘నాకు మటుకు మన మాటలాగే ఉంటాది అన్నా, ఆఖర్న పెడితే సరిపోతాది’ అంది. నవ్వొచ్చేది ఇంకోటి. జర్మన్‌లో పిల్లకు నపుంసక లింగం, ‘దాస్ మేడ్‌షెన్’. క్లాసంతా విడ్డూరంగా చూసిందంట. ‘మనం పిల్ల వచ్చింది అనమా, ఇందులో ఏముంది’ అని తను రాసుకుని పోయింది. కానీ బల్లకు పుంలింగం, దీపానికి స్త్రీలింగం అన్నప్పుడు మాత్రం ఏ భాషా సాయం రాలేదు. ఒక్కో మాటనూ దాని లింగంతో సహా బట్టీ కొట్టడమే.

పద్నాలుగు నెలలకి బీ1 పరీక్ష రాయడానికి చెన్నై పోయింది. అప్పటికి మానేసినవి పోగా 480 యూనిట్లు అయ్యుంటాయి. ఆ పరీక్ష నాలుగు ముక్కలు. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం. ఒక్కోదానికి వందకు అరవై రావాలి. చదవడంలో 78, మాట్లాడడంలో 71, రాయడంలో 66. వినడంలో 52. అంటే ఒకే మనిషికి ఒకే రోజున మూడింటిలో భాష వచ్చింది, ఒకదాంట్లో రాలేదు. ఆ ముక్క ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు కాబట్టి కొంత నయం.

వినడం ఎందుకు పోయింది? ఆ 480 యూనిట్లు ఎక్కడ ఖర్చయ్యాయో చూస్తే తెలుస్తుంది. క్లాసులో పుస్తకం, వ్యాకరణం, పలకమీద రాతలు. టీచరు జర్మన్ మాట్లాడితే నిదానంగా, విడమరిచి. మామూలు వేగంలో జర్మన్ విన్నది అన్నీ కలిపితే నలభై గంటలు కూడా ఉండదని తనే లెక్క చెప్పింది. నాది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. చెవి నిండా తమిళం, కంటికి సున్నా. ఇద్దరం మా మా భాషల్లో దేని మీద గంటలు పోశామో అదే వచ్చింది, పక్కదానికి పొంగి పొర్లలేదు.

అందులోనూ తను ఎక్కువ పోగొట్టుకున్నది అంకెల్లో. జర్మన్‌లో 45ని ‘అయిదూ నలభై’ అన్నట్టు తిప్పి చెప్తారు, ‘ఫ్యున్ఫ్ ఉంట్ ఫియర్‌త్సిష్’. 54 ఏమో ‘ఫియర్ ఉంట్ ఫ్యున్ఫ్‌త్సిష్’. విన్నది విన్నట్టు ఎడమ నుంచి రాసుకుంటూ పోతే తారుమారు. రైలు టైములో ఇది పోతే రైలు పోతుంది. తను నర్సు. డ్యూటీ మారేటప్పుడు ఒకరు చెప్తుంటే ఇంకొకరు రాసుకునేది బీపీ, షుగరు, మందు మోతాదు. ‘నీ అళవా లాంటిదే అన్నా ఇది’ అంది. నేనేమీ మాట్లాడలేదు.

ఇప్పుడు లెక్క మార్చుకున్నాం. వ్యాకరణం పుస్తకం పక్కన పెట్టి, ఆస్పత్రిలో డ్యూటీ దిగినాక గంట వినడం, నైట్ పడినా ఇరవై నిమిషాలు తప్పకుండా. ఎందుకంటే వారం రోజులు పూర్తిగా వదిలేస్తే మళ్ళీ పట్టాలెక్కడానికి రెండు మూడు రోజులు పోతున్నాయని తన నోటుబుక్కులోనే తేలింది. బీ2 ఎప్పటికి అని చిన్నమ్మ అడిగితే నెల పేరు చెప్పడం లేదు. ఇంకా ఇన్ని యూనిట్లు కావాలి, వారానికి ఇన్ని అవుతున్నాయి, డ్యూటీలు ఇట్లాగే ఉంటే వచ్చే ఏడాది సంక్రాంతి దాటుతుంది అంటోంది. చిన్నమ్మకు ఆ జవాబు నచ్చలేదు. గొలుసు విడిపించే తేదీ కావాలి ఆమెకు.

రాత్రి పది దాటాక నాకు ఫోన్ చేస్తుంది. నాకు జర్మన్ రాదు. తను తెలుగు అక్షరాల్లో రాసి పంపిన అంకెల జాబితా చూసి, వరస కలిపేసి, గుక్క తిప్పుకోకుండా చదవాలి. తను రాసుకుని ఫొటో పంపాలి. మొదటి రోజు ఇరవైలో తొమ్మిది తప్పులు, దాదాపు అన్నీ తిరగబడినవే. నిన్న రాత్రి రెండు తప్పులొచ్చాయి. అందులో ఒకటి నేను తప్పు చదివిందే అని తన వాదన. పరీక్ష వచ్చే నెలలో. నాయన పక్క మంచం మీద పడుకుని, ఒకటిన్నర లీటరు సీసాలో ఇంకా ఎంత మిగిలిందో చూసుకుంటా, ‘ఏం భాష రా అది, దగ్గొచ్చినట్టుండాది’ అంటాడు.